తెల్లని పొడి, నల్లని లెక్క

పసిపిల్లలకు డైపర్ ఒరుసుకున్న చోట రాసే తెల్లటి క్రీములో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. అది తెల్లగా ఉండటానికి ఒక కారణం ఉంది. ఆ పదార్థంలో ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్న కింది పట్టీకి, ఖాళీగా ఉన్న పై పట్టీకి మధ్య దాదాపు 3.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడం ఉంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో దీన్నే నిషిద్ధ శక్తి అంతరం అని చదువుకున్నాం. వాడుకలో బ్యాండ్ గ్యాప్ అంటాం. కంటికి కనిపించే వెలుగులో ఊదారంగు కిరణానికి కూడా సుమారు 3.1 ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి ఉండదు. ఆ శక్తితో ఈ ఎడం దాటడం ఎలక్ట్రాన్ వల్ల కాదు. అందుకే వెలుగంతా వెనక్కి వచ్చేస్తుంది, పొడి తెల్లగా కనిపిస్తుంది. అతినీలలోహిత కిరణాలను మాత్రం అది మింగేస్తుంది.

ఇప్పుడు ఇదే జింక్ ఆక్సైడ్‌ను కంప్యూటర్‌కు అప్పజెప్పి, ప్రపంచమంతా ఎక్కువగా వాడే పద్ధతిలో గ్యాప్ లెక్కకట్టమనండి. 0.7, 0.8 దగ్గర ఒక అంకె వస్తుంది. ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే ఆ పొడి కనిపించే వెలుగునంతా పీల్చేసుకోవాలి. క్రీము నల్లగా ఉండాలి.

ప్రోగ్రాములో తప్పేమీ లేదు. ఆ పద్ధతి పేరు డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం, పొట్టిగా డీఎఫ్‌టీ. ఒక పదార్థంలో అణువులు ఎంతెంత దూరంలో కుదురుకుంటాయి, స్ఫటికం ఎంత గట్టిగా ఉంటుంది, ఎలా కంపిస్తుంది అన్నవాటిని ఇది చాలా బాగా చెబుతుంది. గ్యాప్ దగ్గరకు వచ్చేసరికి దాదాపు ప్రతి అర్ధవాహకానికీ తక్కువే చూపిస్తుంది. అప్పుడప్పుడూ జరిగే పొరపాటైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతోందంటే దాని వెనక ఒక నిర్దిష్టమైన కారణం ఉన్నట్టే. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ మొదటి నెలలోనే దీన్ని ఎదుర్కొంటాడు.

ఆ మధ్య ఒక విద్యార్థిని నా దగ్గరకు లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. "మేడమ్, నా ఇన్‌పుట్ ఫైల్లో ఎక్కడో తప్పుంది. రెండు రోజులుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు" అంది. సిలికాన్ లెక్క. అంతకంటే తేలికైన స్ఫటికం ఉండదు. రెండు అణువులున్న చిన్న గడిని అన్ని దిక్కులా పరుచుకుంటూ పోతే స్ఫటికం తయారవుతుంది. ఒక్కో అణువుకు బయటి ఎలక్ట్రాన్లు నాలుగు, మొత్తం ఎనిమిది. పట్టీకి ఇద్దరు చొప్పున నాలుగు పట్టీలు నిండుతాయి, ఐదోది ఖాళీ. నాలుగో పట్టీ శిఖరానికీ ఐదో పట్టీ అడుగుకూ మధ్య తేడాయే గ్యాప్. పుస్తకంలో గది ఉష్ణోగ్రత దగ్గర 1.12, పరమ శూన్యం దగ్గర 1.17 అని ఉంటుంది. ఆ అమ్మాయి తెర మీద 0.6 ఉంది.

ఇలాంటప్పుడు ముందు లెక్క సరిగ్గా ఉడికిందో లేదో చూడాలి. ఎలక్ట్రాన్ తరంగాలను వర్ణించడానికి ఎన్ని చిన్న తరంగాలు వాడుతున్నామో చెప్పే హద్దు ఒకటి ఉంటుంది. దాన్ని పెంచి చూశాం. స్ఫటికంలో తరంగాలు సాగే దిశలను ఎన్ని బిందువుల దగ్గర పరీక్షిస్తున్నామో చెప్పే వల ఇంకొకటి. దాన్నీ చిక్కబరిచాం. సిలికాన్‌లో ఇది మరీ ముఖ్యం. నిండిన పట్టీ శిఖరం సరిగ్గా మధ్య బిందువు దగ్గర ఉంటుంది గానీ, ఖాళీ పట్టీ అడుగు అక్కడ ఉండదు. మధ్య నుంచి అంచుకు వెళ్లే దారిలో సుమారు 85 శాతం దూరాన ఉంటుంది. వల పలచగా ఉంటే ఆ పల్లం కళ్లు కప్పి తప్పించుకుంటుంది. అన్నీ సరిచేశాక కూడా అంకె 0.6 దగ్గరే బిగుసుకుని కూర్చుంది. అణువుల అమరికను అదే లెక్కతో కొలిస్తే గడి అంచు పొడవు 5.47 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది. ప్రయోగంలో కొలిచింది 5.43. తేడా ఒక శాతం కూడా లేదు.

"తప్పు నీది కాదమ్మా, ఫంక్షనల్‌ది" అన్నాను. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఫంక్షనల్‌ను మనం అడిగిన ప్రశ్నది.

సిలికాన్ గ్యాప్ నిజంగా 0.6 అయితే ఏమవుతుందో ఊహించండి. ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగల్లో దూరప్రయాణానికి వాడే కాంతి తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్లు, అంటే 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ కాంతి సిలికాన్‌లోంచి అద్దంలోంచి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. అందువల్లే సిలికాన్ చిప్పు మీద కాంతికి కాలువలు చెక్కగలుగుతున్నారు. గ్యాప్ 0.6 అయితే ఆ కాలువలు కాంతిని దారిలోనే తాగేసేవి.

ఇంతకీ ఈ ఫంక్షనల్ అంటే ఏమిటి? ఒక సిలికాన్ అణువులో 14 ఎలక్ట్రాన్లుంటాయి. క్వాంటం సిద్ధాంతం ప్రకారం వాటన్నిటినీ కలిపి ఒకే తరంగ ప్రమేయంగా రాయాలి. ఒక్కో ఎలక్ట్రాన్‌కు మూడు దిశలు కాబట్టి అందులో 42 చలరాశులుంటాయి. ఒక్కో దిశలో పది బిందువుల దగ్గరే విలువలు దాచుకుందామన్నా 1 పక్కన 42 సున్నాలన్ని అంకెలు కావాలి. అంత నిల్వ చేసే యంత్రం భూమ్మీద లేదు. ఎలక్ట్రాన్ సాంద్రతకు అయితే మూడు దిశలే. ఈ చోట ఎంత చిక్కగా ఉంది, ఆ చోట ఎంత పలచగా ఉంది అని చెబితే చాలు. 1964లో పియరీ హోహెన్‌బర్గ్, వాల్టర్ కోన్ ఒక సంగతి నిరూపించారు. ఆ సాంద్రత పటం ఒక్కటి తెలిస్తే చాలు, భూస్థితిలో ఉన్న వ్యవస్థ మొత్తం శక్తి దానిలోనే ఇమిడి ఉంటుంది. పటం మొత్తాన్ని తీసుకుని ఒకే ఒక అంకెను తిరిగిచ్చే ఈ సూత్రాన్నే ఫంక్షనల్ అంటారు. చేను పటమంతా చూపిస్తే దిగుబడి ఎన్ని బస్తాలో చెప్పే సూత్రం లాంటిది.

అలాంటి సూత్రం ఉందని నిరూపించారు గానీ అది ఏమిటో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది కోన్, లూ షామ్ కలిసి ఒక ఉపాయం పన్నారు. ఒకదాన్నొకటి పట్టించుకోని ఉత్తుత్తి ఎలక్ట్రాన్లను ఊహించుకుందాం. వాటి సాంద్రత మాత్రం అసలు ఎలక్ట్రాన్ల సాంద్రతకు సరిగ్గా సమానంగా ఉండాలి. అప్పుడు శక్తిలో అత్యధిక భాగం నికరంగా లెక్కకు దొరుకుతుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకుని తిరగడం వల్ల వచ్చే చిన్న ముక్క మాత్రం మిగులుతుంది. దాని పేరే ఎక్స్చేంజ్-కోరిలేషన్. మనకు తెలియనిదంతా ఆ ఒక్క మూటలో కట్టిపెట్టారన్నమాట. ఫంక్షనల్ ఎంచుకోవడం అంటే ఆ మూటలో ఏముందో ఎవరి ఊహను నమ్మాలో నిర్ణయించుకోవడమే.

మొదటి ఊహ చాలా సాదాసీదాది. ప్రతి బిందువు దగ్గరా సాంద్రత ఎంతో చూడు, అంతే సాంద్రతతో ఎత్తుపల్లాలు లేకుండా పరుచుకున్న ఎలక్ట్రాన్ వాయువులో ఆ ముక్క విలువ ఎంతో అంతే ఇక్కడా వేసుకో అన్నారు. దీన్ని ఎల్‌డీఏ అంటారు. ఆ వాయువు లెక్కలను 1980లో సెపెర్లీ, ఆల్డర్ కంప్యూటర్ అనుకరణతో కచ్చితంగా కట్టి ఇచ్చారు. రెండో ఊహలో సాంద్రతతో పాటు అది పక్కకు జరిగేకొద్దీ ఎంత వేగంగా మారుతోందో కూడా చూస్తారు. అందులో బాగా పేరుపడ్డది 1996లో జాన్ పెర్డ్యూ, కీరన్ బర్క్, మాథియాస్ ఎర్న్‌జర్‌హాఫ్ ఇచ్చిన పీబీఈ. మా విద్యార్థిని వాడిందీ, జింక్ ఆక్సైడ్‌ను నల్లగా మార్చిందీ అదే. ఎల్‌డీఏ అయినా మెరుగేమీ కాదు, సిలికాన్‌కు 0.5 దగ్గర ఆగుతుంది.

గ్యాప్ ఎందుకు తగ్గుతుందో చూడాలంటే ముందు ప్రయోగశాలలో కొలిచే గ్యాప్ ఏమిటో తేల్చుకోవాలి. స్ఫటికంలోంచి ఒక ఎలక్ట్రాన్‌ను పీకడానికి కొంత ఖర్చవుతుంది. అదే స్ఫటికానికి కొత్తగా ఒక ఎలక్ట్రాన్ ఇస్తే కొంత శక్తి తిరిగొస్తుంది. ఈ రెండిటి తేడాయే గ్యాప్. అంటే ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటి తగ్గినప్పుడు, ఒకటి పెరిగినప్పుడు మొత్తం శక్తి ఎలా మారుతుందన్నదే ప్రశ్న.

మన కరెంటు బిల్లు ఈ సంగతిని చక్కగా చూపిస్తుంది. వంద యూనిట్ల దాకా యూనిట్‌కు మూడు రూపాయలు, ఆ పైన ఆరు రూపాయలు అనుకుందాం. నూరో యూనిట్ ఖరీదు మూడు, నూట ఒకటో యూనిట్ ఖరీదు ఆరు. బిల్లును గీత గీస్తే వంద దాకా ఒక సరళరేఖ, వంద తర్వాత ఇంకా నిటారైన మరో సరళరేఖ వస్తాయి. గీత ఎక్కడా తెగదు, వంద దగ్గర మాత్రం మోచేయిలా వంగుతుంది. ఆ వంపు దగ్గర రేటులో వచ్చే దూకుడు, అంటే ఆ మూడు రూపాయలే, మన గ్యాప్.

ఎలక్ట్రాన్ల శక్తి కూడా అచ్చం ఇలాగే ఉంటుందని 1982లో పెర్డ్యూ, పార్, లెవీ, బాల్డూజ్ చూపించారు. పూర్ణాంకానికీ పూర్ణాంకానికీ మధ్య సరళరేఖ, పూర్ణాంకం దగ్గర మోచేయి. మరుసటి ఏడాదే పెర్డ్యూ, లెవీ ఒక వైపు, షామ్, ష్లూటర్ మరో వైపు విడివిడిగా అసలు కిటుకును పట్టుకున్నారు. ఆ రేటు దూకుడులో రెండు పద్దులున్నాయి. మొదటిది, కింద సీట్లన్నీ నిండిపోయాయి కాబట్టి కొత్త ఎలక్ట్రాన్ పై అంతస్తుకు వెళ్లాలి. ఉత్తుత్తి ఎలక్ట్రాన్ల పట్టీల మధ్య ఎడం ఇదే. కంప్యూటర్ తెర మీద మనం చదివేది కూడా ఈ ఒక్క పద్దునే. రెండోది ఆ మూటకు చెందినది. పూర్ణాంకాన్ని ఆ చివరి ఎలక్ట్రాన్ ఆవగింజంత దాటినా సరే, ఎక్స్చేంజ్-కోరిలేషన్ పొటెన్షియల్ మొత్తంగా ఒక మెట్టు పైకి లేస్తుంది. ఈ మెట్టు పట్టీల చిత్రంలో కనిపించదు. దాన్ని విడిగా కలుపుకోవాలి.

ఎల్‌డీఏ, పీబీఈ రెండూ సాంద్రత కొంచెం మారితే తామూ కొంచెమే మారే నున్నటి సూత్రాలు. వాటిలో ఆ మెట్టుకు చోటే లేదు. మోచేయి ఉండాల్సిన చోట అవి విల్లులా వంచిన గీత గీస్తాయి. బిల్లు మొత్తం దాదాపు సరిగ్గానే వస్తుంది. అందుకే అణువుల దూరాలు, బంధాల గట్టిదనం బాగా కుదురుతాయి. మోచేయి దగ్గర రేటు మాత్రం తప్పుతుంది. గ్యాప్ అంటేనే రేటు కదా, పోయేదీ అదే.

అయితే పీబీఈ కంటే మెరుగైన సూత్రం దొరికితే సమస్య తీరుతుందా? చాలామంది తీరుతుందనే అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. 1986లో గాడ్బీ, ష్లూటర్, షామ్ ఈ ప్రశ్నకు సిలికాన్ మీద జవాబు వెతికారు. వేరే కచ్చితమైన సిద్ధాంతం నుంచి వెనక్కి నడిచి, అసలు ఎక్స్చేంజ్-కోరిలేషన్ పొటెన్షియల్ ఎలా ఉండాలో దాదాపుగా రాబట్టారు. దాన్ని పెట్టి పట్టీలు గీస్తే గ్యాప్ ఎల్‌డీఏ ఇచ్చినదానికి కొద్దిగా మాత్రమే ఎక్కువ వచ్చింది. అంటే ఎల్‌డీఏ తప్పులో సింహభాగం దాని మొరటుదనం వల్ల రాలేదు, ఆ మెట్టును కలపకపోవడం వల్ల వచ్చింది. రేపు ఎవరైనా ఆ తెలియని సూత్రాన్ని నూటికి నూరుపాళ్లు కనిపెట్టి చేతిలో పెట్టినా, కోన్-షామ్ పట్టీల మధ్య ఎడం సిలికాన్ గ్యాప్‌కు సమానం కాదు. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే ఈ రంగంలో సగం గందరగోళం తీరిపోతుంది.

మిగిలిన తప్పుకు ఇంకో మూలం ఉంది. దాన్ని చూడటానికి హైడ్రోజన్ కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడ ఉన్నది ఒకే ఎలక్ట్రాన్, వికర్షించుకోవడానికి ఇంకొకటి లేదు. దాని శక్తి మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులని బడి పుస్తకాల్లోనే ఉంటుంది. డీఎఫ్‌టీ లెక్కలో సాంద్రతకూ సాంద్రతకూ మధ్య వికర్షణ అనే పద్దు ఒకటుంటుంది. అందులో ఈ ఒంటరి ఎలక్ట్రాన్ తన నీడను చూసి తానే బెదిరినట్టు, తన మేఘాన్ని తానే నెట్టుకుంటుంది. ఈ అబద్ధపు వికర్షణను ఎక్స్చేంజ్-కోరిలేషన్ ముక్క పూర్తిగా కొట్టేయాలి. పీబీఈలో మొత్తం శక్తి మైనస్ 13.6 దగ్గరే వస్తుంది, ముచ్చటేస్తుంది. ఆ ఎలక్ట్రాన్ కూర్చున్న మట్టం ఎంతని అడిగితే మాత్రం మైనస్ 7.6 అంటుంది. ఒకే ఎలక్ట్రాన్ ఉన్నప్పుడు ఈ రెండు అంకెలూ ఒకటే కావాలి. ఇక్కడా మళ్లీ బిల్లు సరిపోయింది, రేటు తప్పింది.

తన నీడ తనను నెట్టేస్తుంటే ఎలక్ట్రాన్ ఒకచోట కుదురుగా ఉండదు, వీలైనంత పరుచుకోవాలని చూస్తుంది. జింక్ ఆక్సైడ్‌లో జింక్ అణువుల డీ-ఎలక్ట్రాన్లు నిజానికి అణువును అంటిపెట్టుకుని లోతుగా ఉండాలి. ఈ నెట్టుడు వల్ల అవి పైకి తేలి ఆక్సిజన్ పట్టీతో కలగలిసి దాన్నీ పైకి తోస్తాయి. అందుకే సిలికాన్ గ్యాప్ సగానికి తగ్గితే జింక్ ఆక్సైడ్‌ది నాలుగో వంతుకు పడిపోయింది. జెర్మేనియం సంగతి ఇంకా ఘోరం. 1947లో బెల్ ప్రయోగశాలలో మొట్టమొదటి ట్రాన్సిస్టర్‌ను దానితోనే చేశారు. దాని అసలు గ్యాప్ పరమ శూన్యం దగ్గర 0.74. పీబీఈ లెక్కలో దాని పట్టీలు దాదాపు తాకేసుకుంటాయి. ఆ లెక్కను నమ్మితే ట్రాన్సిస్టర్ పుట్టిన పదార్థమే లోహమైపోతుంది.

దీనికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న మందు హైబ్రిడ్ ఫంక్షనల్. పాత హార్ట్రీ-ఫాక్ పద్ధతిలో ఎక్స్చేంజ్‌ను సాంద్రత నుంచి ఊహించరు, ఎలక్ట్రాన్ తరంగాల నుంచి నేరుగా లెక్కిస్తారు. అందులో నీడ బెడద పూర్తిగా పోతుంది. అయితే అక్కడ మిగతా ఎలక్ట్రాన్లు సర్దుకుని అడ్డుపడటం లెక్కలోకి రాదు కాబట్టి గ్యాప్ అతిగా పెరిగిపోతుంది. సిలికాన్‌కు 6 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూపిస్తుంది. ఒకటి బాగా తక్కువ, ఇంకొకటి బాగా ఎక్కువ కాబట్టి రెంటినీ కలుపుతారు. పీబీఈ ఎక్స్చేంజ్‌లో పావు వంతు తీసేసి, ఆ స్థానంలో ఫాక్ ఎక్స్చేంజ్ పెడతారు. ఈ పావు వంతు గ్యాప్‌ల కోసం చూసి పెట్టిన అంకె కాదు. అణువులను విడదీసే శక్తులు బాగా రావడానికి సిద్ధాంతం సూచించినది. స్ఫటికాల్లోనూ పనికొచ్చింది.

ఇంకో మెరుగు 2003లో వచ్చింది. అర్ధవాహకంలో దూరంగా ఉన్న రెండు ఎలక్ట్రాన్ల మధ్య మిగతావి తెరలా అడ్డం నిలుస్తాయి. సిలికాన్‌లో ఆ తెర వల్ల వాటి మధ్య బలం పన్నెండో వంతుకు తగ్గిపోతుంది. అలాంటప్పుడు దూరాన కూడా పావు వంతు ఫాక్ ఎక్స్చేంజ్ ఎందుకు? హేడ్, స్కుసేరియా, ఎర్న్‌జర్‌హాఫ్ దాన్ని దగ్గరి దూరాలకే పరిమితం చేశారు. కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల తర్వాత అంతా పీబీఈయే. దీన్ని హెచ్‌ఎస్‌ఈ అంటారు. చాలామంది వాడే వాస్ప్ ప్రోగ్రాములో దానికి కావలసింది మూడు వరుసలు.

```
GGA      = PE
LHFCALC  = .TRUE.
HFSCREEN = 0.2
```

మొదటి వరుస పునాదిగా పీబీఈని తీసుకోమంటుంది. రెండోది ఫాక్ ఎక్స్చేంజ్ కలపమంటుంది, ఎంతో చెప్పకపోతే పావు వంతే కలుపుతుంది. మూడోది ఆ కలుపు ఎంత దూరాన ఆగిపోవాలో చెబుతుంది. ఆ అమ్మాయి ఈ మూడు వరుసలు చేర్చి లెక్క మళ్లీ పెట్టింది. పీబీఈలో టీ తాగి వచ్చేలోపు అయిపోయిన పని ఈసారి రాత్రంతా నడిచింది. పొద్దున్నే తెర మీద 1.15 ఉంది. "మేడమ్, వచ్చేసింది!" అని ఫోన్ చేసింది. ఆ గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది.

ఇది అదృష్టమొక్కటే కాదు. హైబ్రిడ్‌లో ఎలక్ట్రాన్ మీద పనిచేసే బలం ఇక సాదా పొటెన్షియల్ కాదు. ఒక్కో తరంగం మీద ఒక్కోలా పనిచేస్తుంది. నిండిన పట్టీని ఒకలా, ఖాళీ పట్టీని ఇంకోలా తాకుతుంది. అందుకే సాదా పొటెన్షియల్‌లో బయట మిగిలిపోయిన ఆ మెట్టులో కొంత భాగం ఇక్కడ పట్టీల ఎడంలోకే వచ్చి చేరుతుంది. సాధారణీకరించిన కోన్-షామ్ పద్ధతి అంటూ 1996లోనే దీనికి సిద్ధాంతం కట్టారు.

అలాగని పావు వంతు సర్వరోగ నివారిణి అనుకోకూడదు. సిలికాన్ లాంటి తెర దట్టంగా ఉన్న పదార్థానికి అది కుదిరింది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో తెర పలచన, బలం మూడో వంతుకే తగ్గుతుంది. అక్కడ అసలు గ్యాప్ 7.8 అయితే హెచ్‌ఎస్‌ఈ 6.5 దగ్గర ఆగిపోతుంది. తెర పలచబడే కొద్దీ కలపాల్సిన పాలు పెరగాలన్నమాట. అందుకే కొందరు ఆ పాలును పదార్థపు డైఎలక్ట్రిక్ స్థిరాంకం నుంచి నిర్ణయిస్తున్నారు. ప్రయోగంలో వచ్చిన అంకెకు సరిపోయేదాకా ఆ పాలును తిప్పుకుంటూ పోయేవారూ ఉన్నారు. అలా చేస్తే జవాబు ముందే తెలిసిన పదార్థానికి జవాబు రాబట్టినట్టే, కొత్త పదార్థానికి అది ఏమీ చెప్పదు. అలాంటి పనిని నేను లెక్క అనలేను.

కచ్చితంగా కావాలంటే ఎలక్ట్రాన్‌ను పీకడాన్నీ చేర్చడాన్నీ నేరుగా లెక్కించే పద్ధతి ఒకటుంది. దాన్ని జీడబ్ల్యూ అంటారు. లార్స్ హెడిన్ 1965లో రాసిన సమీకరణాలు దానికి పునాది. 1980లలో హైబర్ట్‌సెన్, లూయీ దాన్ని సిలికాన్ మీద ప్రయోగించి గ్యాప్‌ను ప్రయోగానికి దగ్గరగా తెచ్చారు. ఖర్చు మాత్రం హెచ్‌ఎస్‌ఈ కంటే ఎక్కువ. ఏ పట్టీలతో మొదలుపెట్టామన్నదాన్ని బట్టి జవాబు కొంత మారుతుంది కూడా.

తక్కువ అంకె వస్తే కనీసం అనుమానం వస్తుంది. సరైన అంకె తప్పుడు కారణంతో వస్తేనే అసలు ప్రమాదం. సౌర ఫలకాల కోసం పదిహేనేళ్లుగా అందరూ వెంటపడుతున్న పెరోవ్‌స్కైట్ ఒకటుంది, మిథైల్ అమోనియం లెడ్ అయొడైడ్. ప్రయోగంలో దాని గ్యాప్ సుమారు 1.6. మామూలు పీబీఈ లెక్కలోనూ సుమారు 1.6 వస్తుంది. చూసినవాళ్లకు పీబీఈ ఇక్కడ అద్భుతంగా పనిచేసిందనిపిస్తుంది. కానీ సీసం పరమాణు సంఖ్య 82. అంత బరువైన అణువులో ఎలక్ట్రాన్ తిరుగుడుకూ దాని స్పిన్‌కూ మధ్య బంధం చాలా బలంగా ఉంటుంది, దాన్ని లెక్కలో కలిపి తీరాలి. కలిపితే గ్యాప్ సుమారు ఒక ఎలక్ట్రాన్ వోల్టు పడిపోతుంది. అంటే పీబీఈ దించిన తప్పూ, స్పిన్ బంధాన్ని వదిలేసిన తప్పూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 1.6 అనే అంకె పుట్టింది. సీసం తీసి తగరం పెడితే ఆ రెండు తప్పులూ సమానంగా తగ్గవు, కాబట్టి ఆ కొట్టివేత నిలవదు.

ఇలాంటి ఉచ్చును కనిపెట్టడానికి నేను పిల్లలకు చెప్పేది ఒక్కటే. ఒక అంకె సరిపోయిందని ఆగకు, అదే ఫంక్షనల్‌తో అదే కుటుంబంలోని మరో రెండు పదార్థాలు కట్టు. తప్పు మూడింటిలోనూ ఒకే వైపు, ఒకే తీరుగా ఉంటే దాన్ని అర్థం చేసుకోవచ్చు. ఒకటి మాత్రం అందంగా కుదిరి మిగతావి చెదిరితే ఆ కుదిరినదాన్నే అనుమానించు. అణువుల దూరాలను కూడా చూడు. పీబీఈ వాటిని కొంచెం సాగదీస్తుంది. గాలియం ఆర్సెనైడ్ లాంటివాటిలో ఆ కొద్దిపాటి సాగుడుకే గ్యాప్ మరింత కుంగుతుంది. ఏ కొలతలతో గ్యాప్ లెక్కించావో చెప్పకపోతే రెండు ప్రయోగశాలలు ఒకే పీబీఈతో వేర్వేరు జవాబులు ఇచ్చినట్టుంటుంది.

ఎంపిక విషయంలో నా పద్ధతి ఇది. స్ఫటికం నిర్మాణం, కంపనాలు, ఏ అమరిక స్థిరమైనదన్న ప్రశ్నలకు పీబీఈ లాంటిదే వాడతాను, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. పట్టీల ఆకారం మాత్రమే కావాలన్నా అదే చాలు. సిలికాన్ విషయంలో ఖాళీ పట్టీలన్నిటినీ కలిపి అర ఎలక్ట్రాన్ వోల్టు పైకి జరిపితే నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. గ్యాప్ అంకె మీదే నిర్ణయం ఆధారపడి ఉంటే, పీబీఈ అమరిక మీద హెచ్‌ఎస్‌ఈ పెట్టి, బరువైన అణువులుంటే స్పిన్ బంధాన్నీ కలుపుతాను. దాన్ని ప్రయోగంతో పోల్చేముందు ప్రయోగం ఏ ఉష్ణోగ్రత దగ్గర చేశారో చూస్తాను. లెక్క అణువులు కదలకుండా ఉన్నాయనుకుని కట్టినది, కొలత గదిలో చేసినది.

పాఠకులకు ఒక విన్నపం. కొత్త పదార్థం దొరికింది, సౌర ఫలకాలకు సరిపోయే గ్యాప్ ఉంది అని వార్త చదివితే, ఆ గ్యాప్ కొలిచినదా, లెక్కించినదా అని ముందు చూడండి. లెక్కించినదైతే ఏ ఫంక్షనల్‌తోనో చూడండి. మెటీరియల్స్ ప్రాజెక్ట్ లాంటి పెద్ద డేటాబేసుల్లో వేలకొద్దీ పదార్థాలకు పక్కన కనిపించే గ్యాప్‌లు చాలావరకు పీబీఈ తరహా లెక్కలతో వచ్చినవే. అక్కడ సున్నా అని ఉన్న ప్రతిదీ లోహం కాదు. వాటిలో కొన్ని అర్ధవాహకాలే.